పిల్లల బుర్రకథ ఆగింది వేదిక మీద కాదు, తేదీల దగ్గర

మా దగ్గర పదో తరగతి దాకా తెలుగులో చదివి, ఆ తరువాత పియూసీ ముగించి డిగ్రీలో చేరిన ముగ్గురు పిల్లలు ఒక ఫిబ్రవరి సాయంత్రం ఆండర్సన్‌పేటలో మా బడికి వచ్చారు. కాలేజీ సాంస్కృతిక ఉత్సవంలో బుర్రకథ చెప్పాలనుకున్నారట, పేర్లు కూడా ఇచ్చారట. తీరా ఆహ్వాన పత్రిక అచ్చయి వచ్చేసరికి అందులో వాళ్ల పేర్లు లేవు. "తెలుగు అని తీసేశారు సార్" అన్నాడు వారిలో ఒకడు. మాకూ కోపం వచ్చింది. మరునాడు ఇద్దరం ఉపాధ్యాయులం ఆ కాలేజీకి వెళ్లి అడిగాం. అక్కడి అధ్యాపకురాలు మాతో వాదించలేదు. నోటీసు బోర్డు మీద ఇంకా ఉన్న కాగితాన్ని చూపించారు. అందులో ఏ పని ఏ తేదీకి కావాలో వరుసగా రాసి ఉంది. మన పిల్లలు మొదటి తేదీ అందుకున్నారు, రెండోది దాటిపోయారు. భాష కారణంగా ఎవరూ తీసేయలేదు. అయితే ఆ రెండో తేదీ దాటిపోవడానికి మాత్రం భాషే కారణం. ఈ సంగతి తల్లిదండ్రులకూ తోటి ఉపాధ్యాయులకూ వివరంగా చెప్పాలనే ఇది రాస్తున్నాం.

ముందు ఆ కాగితం సంగతి. ఉత్సవం ఫిబ్రవరి 20, శుక్రవారం. కమిటీ అక్కడి నుంచి ఆరు వారాలు వెనక్కి లెక్కపెట్టుకుంది. జనవరి 9న ప్రిన్సిపాల్ నోటీసు, కమిటీ ఏర్పాటు, ప్రదర్శనలకు పేర్లు ఇవ్వడం. జనవరి 16న పాట, మాట ఏదైనా సరే పూర్తి పాఠం రాసి ఇవ్వాలి. జనవరి 23న ఆ పాఠాలు చదివి, మార్పులు ఉంటే గుర్తుపెట్టి తిరిగి ఇస్తారు. జనవరి 30న వడపోత, అంటే కమిటీ ముందు ఒకసారి చేసి చూపించాలి. ఫిబ్రవరి 6న ఎంపికైనవాటి జాబితా, ఒక్కోదానికి ఎన్ని నిమిషాలో నిర్ణయం. ఫిబ్రవరి 10న ఆహ్వాన పత్రిక అచ్చుకు వెళుతుంది. 17న మైకులు, దీపాలతో సాధన. 19న వేషాలతో పూర్తి సాధన.

చూడగానే సక్రమంగా ఉన్న కాగితమే. కానీ రెండో తేదీని మన కళ్లతో చూడండి. జనవరి 16 అంటే సంక్రాంతి మరునాడో, కనుమ నాడో. మన ఇళ్లలో సగం మంది ఆ మూడు రోజులూ ముళబాగిలు వైపో, కుప్పం, వి.కోట వైపో సొంత ఊళ్లలో ఉంటారు. మన పిల్లలు తిరిగి వచ్చింది సోమవారం, 19న. ఆ రోజు పాఠం తీసుకెళ్లి ఇచ్చారు. మూడు రోజులు ఆలస్యమైనా ఆ అధ్యాపకురాలు తీసుకున్నారు. తీరా చూస్తే అది తెలుగు లిపిలో ఉంది. కమిటీలో దాన్ని చదవగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. "సారాంశం కన్నడంలో రాసి తీసుకురండి" అన్నారు. పిల్లలు సరే అని వచ్చేశారు. పేరు ఇచ్చాం, పాఠమూ ఇచ్చాం, ఇక సాధన చేసుకోవచ్చు అనుకున్నారు. సారాంశం అనేది ఏదో లాంఛనం, తరువాత ఇవ్వొచ్చు అనుకున్నారు. 23న తిరిగి ఇచ్చిన పాఠాల్లో వాళ్లది లేదు. 30న వడపోతకు పిలుపు రాలేదు. అప్పటికీ వాళ్లు అడగలేదు. పేరు ఇవ్వడం వేరు, అనుమతి రావడం వేరు అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు.

కమిటీ పాఠం ఎందుకు అడుగుతుంది? ఇది మన మీద అనుమానం అనుకోకూడదు. వేదిక మీద ఒక వ్యక్తినో, కులాన్నో, మతాన్నో, పార్టీనో నొప్పించే మాట వస్తే మరునాడు జవాబు చెప్పుకోవలసింది ప్రిన్సిపాల్. సంతకం పెట్టేవారు తాము చదవని దాని మీద సంతకం పెట్టరు, పెట్టకూడదు కూడా. కన్నడ పాటనూ, ఆంగ్ల నాటికనూ వాళ్లు చదివి సంతకం పెడతారు. తెలుగు పాఠాన్ని పక్కన పెడతారు. తిరస్కరించినట్టు ఎక్కడా రాయరు. అది ఒక ఫైలులో ఉండిపోతుంది, అంతే. అందుకే మనకు ఎప్పుడూ కారణం తెలియదు, "తెలుగు అని తీసేశారు" అనే మాటే మిగులుతుంది.

ఈ చిక్కు మన ఊరికే పుట్టింది కాదు. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం జరిపే అంతర్ విశ్వవిద్యాలయ యువజనోత్సవాల్లో దీనికి ఎప్పుడో నియమం పెట్టుకున్నారు. ఏకాంక నాటికను దేశంలోని ఏ ప్రాంతీయ భాషలోనైనా ఆడవచ్చు. అది హిందీ, ఆంగ్లం కాని భాషైతే, కథాసారాన్ని ఆ రెండింటిలో ఒకదానిలోకి మార్చి నమోదు రోజునే ఇవ్వాలి. జానపద నృత్యానికైతే ఇతివృత్తం గురించి చిన్న వివరణ, పాట పాఠం మూడు ప్రతులు ఇవ్వాలి. భాషకు స్వేచ్ఛ ఉంది, దానితోపాటు ఒక పుట బాధ్యత ఉంది. మన జిల్లా కాలేజీల నోటీసుల్లో ఈ ఒక్క వాక్యం చేరిస్తే చాలు: "ఏ భాషలోనైనా ప్రదర్శించవచ్చు, కన్నడ సారాంశం జతచేయాలి." ఇప్పుడు చాలా నోటీసుల్లో భాష ప్రస్తావనే ఉండదు. ఉండకపోవడం వల్ల మన పిల్లల్లో కొందరు అనుమతి లేదనుకుని అసలు వెళ్లరు, కొందరు ఏ కాగితమూ లేకుండా వెళ్లి మధ్యలో ఆగిపోతారు.

మరుసటి ఏడాది అదే పిల్లలు, అదే కాలేజీ. ఈసారి ఏం చేశారో వివరంగా చెబుతాం, ఎందుకంటే పనికొచ్చేది ఆ వివరమే.

నోటీసు వచ్చిన రోజే ముగ్గురూ మా దగ్గరికి వచ్చారు. తేదీలు మాతో కలిసి రాసుకున్నారు. కథ తాతలది: చిత్తూరు వైపు నుంచి వచ్చి బంగారు గనిలో దిగిన ఒక మనిషి, అతని కొడుకు, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక తెల్లవారే రైలెక్కి బెంగళూరుకు పనికి పోతున్న మనవడు. కథకుడి చేతిలో తంబురా, ఇద్దరు వంతల దగ్గర డక్కీలు. ఒకరు హాస్య వంత, ఒకరు రాజకీయ వంత.

మొదటి చిక్కు లిపి. మన కోలారు జిల్లా అధ్యాపకుల్లో చాలామందికి తెలుగు చెవికి వచ్చు, కంటికి రాదు. సంతలోనూ బస్సులోనూ తెలుగు మాట్లాడేవారే తెలుగు పుట ఇస్తే పక్కన పెడతారు. కాబట్టి తెలుగు మాటలనే కన్నడ లిపిలో రాయించాం. రెండు లిపులూ అక్కచెల్లెళ్ల వంటివి, పైగా మన పిల్లలు బడిలో కన్నడం చదివినవాళ్లే. నాలుగు పుటల పాఠం రాయడానికి ఒక ఆదివారం పట్టింది. దానికి పైన కన్నడంలో ఒక పుట సారాంశం పెట్టాం. ఆ పుటలో ఏముండాలో మేము ఆలోచించి తేల్చుకున్నది ఇది: ప్రదర్శన పేరు, భాష, కథ ఏడెనిమిది వాక్యాల్లో, అందులో పేరుతో వచ్చే వ్యక్తులు, సంస్థలు ఎవరైనా ఉంటే వారి పేర్లు, పాట సొంతమా ఇంకొకరిదా, ఎంతమంది, ఎన్ని నిమిషాలు, ఎన్ని మైకులు. చదివేవారు భయపడేది ఏ మాట దగ్గరో ఆ మాటను మనమే ముందుగా చూపిస్తే నమ్మకం వస్తుంది.

రెండో చిక్కు బుర్రకథకే ప్రత్యేకం. రాజకీయ వంత చెప్పే విసుర్లు అప్పటికప్పుడు పుట్టేవి. రాసి ఇచ్చిన పాఠంలో అవి ఉండవు. కమిటీకి కావలసిందేమో రాసిన పాఠం. కొందరు పిల్లలు పాఠంలో మర్యాదగా రాసి, వేదిక మీద ఇష్టం వచ్చినట్టు అనేస్తారు. ఆ ఒక్క రోజు చప్పట్లు వస్తాయి, మరుసటి ఏడాది తెలుగుకు తలుపు మూసుకుంటుంది. ఈ పిల్లలు అలా చేయలేదు. కథలో మూడు చోట్ల "ఇక్కడ రాజకీయ వంత విసురు" అని గుర్తుపెట్టి, ఏ సంగతి మీద అంటాడో రాసి ఇచ్చారు. ఒకటి గని మూసివేత మీద, ఒకటి రైలు రద్దీ మీద, ఒకటి ప్రస్తుతం పదవిలో ఉన్న ఒక నాయకుడి పేరుతో. కమిటీ మూడోదాన్ని కొట్టేసింది. పిల్లలకు బాధ కలిగింది. మాలోనూ కొందరు, "విసురు లేని రాజకీయ వంత ఎందుకు?" అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ విసురు పోలేదు, పేరు మాత్రమే పోయింది. పేరు తీసేసి కుర్చీ మీద అదే విసురు విసిరితే కమిటీ ఒప్పుకుంది. ఎక్కడ పట్టుబట్టాలో, ఎక్కడ వదలాలో పిల్లలు కమిటీ గదిలో నేర్చుకున్నారు. వేదిక మీద అయితే నేర్చుకునే వ్యవధి ఉండేది కాదు.

మూడో చిక్కు నిమిషాలు. వాళ్లు రాసుకున్నది పన్నెండు నిమిషాల కథ. కమిటీ ఇచ్చింది ఎనిమిది. ఇది తెలుగుకు చేసిన అన్యాయం కాదు, లెక్క చూస్తే తెలుస్తుంది. పన్నెండు ప్రదర్శనలు, ఒక్కోదానికి సగటున ఆరు నిమిషాలు అంటే డెబ్బై రెండు. వేదిక మీద ఒకరు దిగి మరొకరు ఎక్కి మైకులు సర్దుకోవడానికి రెండేసి నిమిషాలు అంటే ఇరవై నాలుగు. ప్రార్థన, దీపం, స్వాగతం పదిహేను. ఉపన్యాసాలు, బహుమతులు నలభై ఐదు. మొత్తం నూట యాభై ఆరు నిమిషాలు, రెండున్నర గంటలు దాటింది. ముఖ్య అతిథి అరగంట ఆలస్యంగా వస్తే ఆ అరగంట ఎక్కడి నుంచి తీస్తారు? జాబితా చివరి నుంచి. చివర ఎవరుంటారు? ఆలస్యంగా కాగితాలు ఇచ్చినవారు. మన పిల్లల పాట "టైము లేదు" అని పోవడం చాలాసార్లు ఇలాగే జరుగుతుంది. కాబట్టి ఫిబ్రవరి 6న జాబితా ఖరారైనప్పుడు ఎన్నో వరుసలో ఉన్నామో అడిగి తెలుసుకోవాలి. బహుమతుల తరువాత వరుస ఇస్తే మర్యాదగానే, "మేడం, ముందుకు మార్చండి" అని ఆ రోజే అడగాలి. ఆహ్వాన పత్రిక అచ్చయ్యాక అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు.

ఎనిమిది నిమిషాలు అంటే ఖాళీ వేదిక నుంచి ఖాళీ వేదిక వరకు. తంబురా సర్దుకోవడం, నమస్కారం, ప్రేక్షకుల నవ్వు, చప్పట్లు అన్నీ అందులోనే. కాబట్టి మాటా పాటా కలిపి ఆరున్నర నిమిషాలకు మించకూడదు. మొదటి సాధనలో గడియారం పదకొండు చూపించింది. అందరూ చేసే తప్పు ఇక్కడే: గొంతు వేగం పెంచి సరిపెట్టాలని చూడటం. వేగం పెంచితే వంతలు డక్కీతో అందుకోలేరు, మాట వినపడదు. వీళ్లు కొడుకు భాగాన్ని రెండు చరణాలకు కుదించి, తాత, మనవడు మాత్రం నిండుగా ఉండేలా మార్చారు. మారిన పాఠాన్ని మళ్లీ కమిటీకి ఇచ్చారు. ఇది మరిచిపోకూడదు: సాధనలో మారిన ప్రతి మాటకూ పాత సంతకం చెల్లదు.

ఇక సాధన సంగతి. తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది దీని గురించే. వీళ్లు మొత్తం తొమ్మిది సార్లు కూర్చున్నారు. మొదటి రెండూ చదవడమే, వాయిద్యం లేదు. తరువాత నాలుగు వాయిద్యంతో. ఒకటి మా బడిలో, చిన్న పిల్లల ముందు. నవ్వు ఎక్కడ వస్తుందో, మాట ఎక్కడ మునిగిపోతుందో అక్కడే తెలిసింది. చివరి రెండూ కాలేజీ వేదిక మీద, 17న, 19న. మైకుల సాధన ఎంత అవసరమో 17న బయటపడింది. ముగ్గురికీ కలిపి ఒకే మైకు పెట్టారు. డక్కీ మోత కథకుడి మాటను మింగేసింది. సారాంశం పుటలో "మూడు మైకులు" అని రాసి ఉంది కాబట్టి అడగగలిగారు. కథకుడికి ఒకటి, వంతలిద్దరికీ నోటి దగ్గరే ఒక్కొక్కటి, డక్కీకి ఏమీ అక్కర్లేదు అని తేలింది. పేరు మాత్రమే ఇచ్చి ఊరుకుని ఉంటే ఇది ఉత్సవం రోజున తెలిసేది.

ఆ తొమ్మిదింటిలో నాలుగు సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా జరిగాయి. ముగ్గురిలో ఒకరు అమ్మాయి. వాళ్ల నాన్న మారికుప్పం రైలులో బెంగళూరు పోయి రాత్రికి గానీ రాడు. శీతాకాలంలో ఆరింటికే చీకటి. "రోజూ ఎప్పుడొస్తుందో తెలియకపోతే నేను పంపలేను సార్" అని వాళ్లమ్మ మాతో స్పష్టంగా అంది. ఆమెది మొండితనం కాదు, న్యాయమైన మాట. సాధన తేదీలు, వేళలు, ఆ సాయంత్రం కాలేజీలో ఉండే అధ్యాపకుల పేరు రాసిన కాగితం ఒకటి ఇప్పించాం. ఆ కాగితం చూశాక ఆమె పంపింది. మన ఆడపిల్లలు వేదిక ఎక్కకపోవడానికి సంప్రదాయం కారణమని అంటారు. చాలాసార్లు ఒక కాగితం లేకపోవడమే కారణం.

తల్లిదండ్రులు అడగవలసింది మరొకటి ఉంది: హాజరు. 75 శాతం తగ్గితే పరీక్షకు ఇబ్బంది. తరగతి వేళల్లో సాధన జరిగితే ఆ గంటలకు హాజరు ఇస్తారా, ఎవరి సంతకంతో ఇస్తారా అన్నది సాధన మొదలయ్యే ముందే రాతలో ఉండాలి. ఉత్సవం అయిపోయాక అడిగితే ఒక్కో అధ్యాపకుడి గదికీ తిరగాల్సి వస్తుంది.

కమిటీలో ఎవరు ఏం చేస్తారో కూడా పిల్లలకు తెలియాలి. ప్రతి మాటకూ ప్రిన్సిపాల్ గది ముందు నిలబడితే పని కాదు. సంచాలకులైన అధ్యాపకులు పాఠాలూ ఎంపికా చూస్తారు. వేదిక, మైకులు ఒకరి బాధ్యత. డబ్బు లెక్క ఇంకొకరిది. అతిథులు, క్రమశిక్షణ మరొకరిది. విద్యార్థి కార్యదర్శి వీళ్లందరికీ మధ్య తిరుగుతాడు. బయటి అనుమతులు కమిటీవే: ఆరుబయట మైకు పెడితే పోలీసుల రాతపూర్వక అనుమతి కావాలి, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పదికి ఆపాలి. పిల్లలకు వాటితో పనిలేదు. కానీ కార్యక్రమం సాయంత్రం మొదలవుతుంటే రాత్రి పది అనే గోడ ఒకటుందని, చివరి వరుసలో ఉన్నవారే దానికి తగులుతారని తెలిసి ఉండాలి.

ఇంత కాగితాల పని మన పిల్లలకే ఎందుకు, కన్నడం పిల్లలకు లేదు కదా అని కొందరు తోటి ఉపాధ్యాయులు మమ్మల్ని అడిగారు. అది నిజమే, కన్నడ పాటకు సారాంశం పుట అక్కర్లేదు. అల్పసంఖ్యాకులకు ఒక పుట ఎక్కువ పడుతుంది. ఆ పుట పిల్లల నెత్తిన మాత్రమే వేయడం తప్పంటాం మేము. కాలేజీ తన వంతుగా రెండు పనులు చేయాలి: నోటీసులో భాష గురించి ఒక వాక్యం రాయాలి, పాఠం ఇచ్చే తేదీని సంక్రాంతికి ఆనుకుని పెట్టకుండా ఒక వారం జరపాలి. తమిళం పిల్లలకు పొంగల్ కూడా ఆ రోజుల్లోనే కదా. ఈ రెండూ ఖర్చులేని పనులు, అడిగితే కాదనేవారు తక్కువ. మేము అడిగాం. తేదీ జరిపారు. భాష వాక్యం గురించి ఆలోచిస్తామన్నారు. మళ్లీ అడుగుతాం.

మన బడుల వంతు కూడా ఉంది. తొమ్మిది, పది తరగతుల్లో బడి వార్షికోత్సవానికే ఈ పద్ధతి పెడితే పిల్లలకు అలవాటవుతుంది. పాట పాడదలచిన ప్రతి జట్టూ పాఠం రాసి, కన్నడంలో ఒక పుట సారాంశం రాసి, గడియారం పెట్టి నిమిషాలు రాసి ఇవ్వాలి. చదివి సంతకం పెట్టేది కన్నడ ఉపాధ్యాయులు కావాలి. ఇంకొకటి, కాలేజీ కమిటీలో తెలుగు చదవగలిగేవారు లేకపోతే, మా బడి నుంచి ఒకరు వచ్చి చదివి వినిపిస్తారని ఒక ఉత్తరం జనవరి మొదటి వారంలోనే పంపాలి. మేము ఈ ఏడాది పంపాం. ఆ ఉత్తరం వల్ల మాకు రెండు సాయంత్రాలు పోయాయి, అంతే.

ఆ ఫిబ్రవరిలో బుర్రకథ ఏడు నిమిషాల నలభై సెకన్లలో ముగిసింది. వరుసలో ఐదోది. అతిథి నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చారు, చివరి రెండు ప్రదర్శనలు ఎగిరిపోయాయి. రైలు మీద విసురు పడినప్పుడు హాలులో ఎక్కువగా నవ్వింది కన్నడం, తమిళం పిల్లలే, వాళ్ల నాన్నలూ అదే రైలెక్కుతారు కాబట్టి. మీ ఇంట్లోనూ కాలేజీకి పోయే పిల్లలుంటే సంక్రాంతికి ఊరు వెళ్లే ముందు ఒక్క మాట అడగండి: "నోటీసు బోర్డు మీద రెండో తేదీ ఏది?"